నునుపే పట్టిస్తుంది

ఫంక్షన్ హాల్లో రాత్రి తొమ్మిదింటికి తీసిన రిసెప్షన్ ఫొటో. వధూవరులు సోఫా ముందు నిలబడ్డారు. వెనకాల మెరూన్ రంగు తెర, పైన పూలదండలు. అంతా బాగుంది, ఒక్క స్టాండు ఫ్యాను తప్ప. పెళ్లికూతురి భుజం పక్కన, తెరను ఆనుకుని, తెల్ల రెక్కలతో అది నిటారుగా నిలబడి ఉంది. ఆల్బమ్ డిజైనర్ దాని చుట్టూ గీత గీసి ఫొటోషాప్‌లో Generative Fill నొక్కుతాడు. కొన్ని క్షణాల్లో ఫ్యాను పోయి, దాని చోట తెర వచ్చేస్తుంది. మడతలు కలిశాయి, రంగు కలిసింది, పైనుంచి పడుతున్న లైటు కూడా కలిసింది. స్క్రీను మీద ఫొటో మొత్తం ఒకేసారి కనిపించేలా పెట్టుకుని చూస్తే, అక్కడ ఫ్యాను ఉండేదని చెప్పినా ఎవరూ నమ్మరు.

ఫొటోను వంద శాతానికి పెంచితే కథ మారిపోతుంది. చుట్టూ ఉన్న తెరంతా సన్నటి రేణువులతో గరగరలాడుతూ ఉంటే, ఫ్యాను ఉన్న మేర మాత్రం ఇస్త్రీ చేసినంత నున్నగా ఉంటుంది. అతుకు అంచు ఎక్కడుందో గీత గీసి చూపించవచ్చు. రంగులో తేడా లేదు, వెలుగులో తేడా లేదు, ఆకారంలో తేడా లేదు. అయినా కన్ను అక్కడే ఆగుతుంది.

కృత్రిమంగా పుట్టించిన అతుకులన్నిటికీ ఉన్న జబ్బు ఇది. చాలామంది దీన్ని చిన్న విషయమని వదిలేస్తారు, లేదంటే పైన కాస్త నాయిస్ చల్లి సరిపెడతారు. రెండూ తప్పే. ఆ గరుకు ఎక్కడినుంచి వచ్చిందో తెలిసినవాడికే దాన్ని తిరిగి తేవడం చేతనవుతుంది.

కాంతి ధారలా కురవదు, చుక్కలు చుక్కలుగా పడుతుంది. వాకిట్లో ఒకే సైజు గిన్నెలు వరసగా పెట్టి, చినుకులు మొదలైన అర నిమిషానికి తీసి లెక్కపెడితే ఏ రెండు గిన్నెల్లోనూ సరిగ్గా ఒకే లెక్క రాదు. వాన అన్నిచోట్లా ఒకేలా కురిసినా సరే, రాదు. కెమెరా సెన్సర్ మీద పిక్సెళ్లు ఆ గిన్నెలే, ఫోటాన్లు ఆ చినుకులే. ఈ హెచ్చుతగ్గులకు ఒక నియమం ఉంది: సగటున ఎన్ని ఫోటాన్లు పడతాయో దాని వర్గమూలమంత తేడా వస్తుంది. పదివేల ఫోటాన్లు పడే పిక్సెల్‌లో తేడా వందకు అటూ ఇటూ, అంటే ఒక శాతం. వంద ఫోటాన్లే పడిన చోట తేడా పది, అంటే పది శాతం. పగటి వెలుగులో తీసిన ఫొటో నున్నగానూ, ఫంక్షన్ హాల్లో తీసింది గరుగ్గానూ ఉండటానికి ప్రధాన కారణం ఇదే. ఐఎస్‌ఓ 3200కు పెంచినంత మాత్రాన కాంతి పెరగదు. అందిన కొద్దిపాటి లెక్కనే కెమెరా పెద్దది చేసి చూపిస్తుంది, దాంతోపాటే తేడాలూ పెద్దవవుతాయి.

దీనివల్ల తేలే సంగతి ఒకటుంది. డిజైనర్ చేసే పనంతా దాని మీదే నిలబడుతుంది. గ్రెయిన్ తెరది కాదు, పూలది కాదు, పెళ్లికూతురి చీరదీ కాదు. అది లెన్సు దాటి లోపలికి వచ్చాక, సెన్సర్ మీద పుట్టింది. అందుకే ఫోకస్‌లో ఉన్న ముఖం మీదా ఉంటుంది, ఫోకస్ తప్పి మసకబారిన తెర మీదా ఉంటుంది. తెర మడతలు ఎంత మసకగా ఉన్నా, వాటి మీద గ్రెయిన్ మాత్రం పదునుగానే ఉంటుంది. మసక నేపథ్యంలో వేసిన అతుకు ఇంత సులువుగా దొరికిపోవడానికి కారణం అదే. ఆ అతుకు మడతల మసకను అచ్చంగా అనుకరించింది గానీ, మసక మీద ఉండాల్సిన పదునైన రేణువుల్ని తేలేదు.

ఎందుకు తేలేదు? ఇలాంటి బొమ్మలు పుట్టించే పద్ధతిలోనే దానికి జవాబు ఉంది. 2022లో అందరికీ అందుబాటులోకి వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్‌ను తీసుకుంటే, అది బొమ్మను పిక్సెళ్లలో గీయదు. 512 పిక్సెళ్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న బొమ్మను ముందు 64 పొడవు, 64 వెడల్పు ఉన్న చిన్న పట్టికగా కుదిస్తుంది. ఆ పట్టికలో ఒక్కో గడికి నాలుగు అంకెలు. మొత్తం మీద ఏడు లక్షల ఎనభై ఆరు వేల అంకెలు పదహారు వేలకు తగ్గాయి, అంటే నలభై ఎనిమిదో వంతు. ఊహించి గీయడమంతా ఆ చిన్న పట్టికలోనే జరుగుతుంది, ఆ తర్వాతే దాన్ని మళ్లీ పిక్సెళ్లుగా విప్పుతారు. ముఖం, మడత, ఆకు, ఇటుక వంటివి ఈ కుదింపును తట్టుకుంటాయి. వాటికో క్రమం ఉంది, సగం చూస్తే మిగతా సగం ఊహించవచ్చు. గ్రెయిన్‌కు క్రమమే లేదు. పక్క పిక్సెల్ చూసి ఈ పిక్సెల్‌ను పూర్తిగా ఊహించలేం. అలాంటిదాన్ని కుదించడం కుదరదు కాబట్టి కుదింపులో మొదట రాలిపోయేది అదే. పైగా తప్పు తక్కువగా ఉండేలా ఊహించడం నేర్చిన యంత్రం, ఊహకందని చోట సగటు వైపే మొగ్గుతుంది. గ్రెయిన్ సగటు శూన్యం. శూన్యమంటే నునుపు.

వీడియో రంగంలో ఇదే చిక్కుకు కనిపెట్టిన దారి గమనించదగ్గది. 2018లో వచ్చిన ఏవీ1 అనే వీడియో పద్ధతిలో ఫిలిం గ్రెయిన్ కోసం ప్రత్యేకంగా ఒక ఏర్పాటు ఉంది. సినిమాలోని గ్రెయిన్‌ను ముందే తీసేసి, మిగిలిన నునుపైన బొమ్మను కుదించి పంపుతారు. ఆ గ్రెయిన్ ఎంత సైజుది, ఏ వెలుగులో ఎంత బలంగా ఉంది అన్న కొలతలు మాత్రం విడిగా పంపుతారు. చూసేవారి టీవీయో ఫోనో ఆ కొలతల్ని బట్టి కొత్త గ్రెయిన్ పుట్టించి బొమ్మ మీద కలుపుతుంది. ఏ రేణువు ఎక్కడుందన్నది ముఖ్యం కాదు, వాటి గుణం ఒకటే అయితే చాలు. ఆల్బమ్ డిజైనర్ చేయాల్సింది కూడా ఇదే.

పాత పద్ధతుల్లో ఈ బాధ ఇంతగా లేదు. 2010లో ఫొటోషాప్‌లోకి వచ్చిన Content-Aware Fill అదే ఫొటోలోని వేరే చోట్ల నుంచి ముక్కలు తెచ్చి అతికేది. ముక్కతోపాటు అక్కడి గ్రెయినూ వచ్చేది. మడత వంకరగా రావచ్చు, ఒకే పువ్వు రెండుచోట్ల కనిపించవచ్చు, గరుకు మాత్రం దాదాపు కలిసిపోయేది. కొత్త పద్ధతి ఆకారాన్ని గెలిచి, గరుకును పోగొట్టుకుంది.

నునుపుకు ఇంకో కారణం కూడా ఉంది, అది సైజుకు సంబంధించింది. 2023లో Generative Fill మొదట వచ్చినప్పుడు అది ఒక్కసారికి పుట్టించగలిగింది 1024 పిక్సెళ్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న బొమ్మనే. తర్వాత వచ్చిన మోడళ్లలో ఆ హద్దు పెరుగుతూ వచ్చింది. అయినా ఏదో ఒక హద్దు ఉండనే ఉంటుంది. 6000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోలో మన స్టాండు ఫ్యాను 1800 పిక్సెళ్ల ఎత్తు ఉందనుకుందాం. మొత్తం ఒకేసారి ఎంచుకుంటే, యంత్రం 1024లో గీసినదాన్ని సాగదీసి 1800లో పరుస్తుంది. సాగదీసిన బొమ్మలో గ్రెయినే కాదు, పదునూ పోతుంది. మడత అంచులు పక్కనున్న అసలు అంచులకన్నా మెత్తబడతాయి. గ్రెయిన్ లేకపోతే పైన వేసుకోవచ్చు, పదును పోతే వెనక్కి తేవడం కష్టం. అందుకే ఫ్యానును ఒక్క గుక్కలో తీయకూడదు. ముందు రెక్కల భాగం, తర్వాత నడుమ కడ్డీ, ఆ తర్వాత కింది దిమ్మె. ఒక్కో ముక్క, చుట్టూ వదిలిన జాగాతో సహా, ఆ హద్దు లోపలే ఉండేలా చూసుకుంటే సాగదీత తప్పుతుంది.

ఇక అతుకును పరీక్షించే పని. కంటిని నమ్మడం మంచిదే గానీ, కంటికి కాస్త సాయం చేయాలి. మొదటి సాయం రంగుల్ని విడదీయడం. Channels ప్యానెల్లో నీలం చానెల్ ఒక్కటే తెరిచి చూస్తే ఫొటో నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది, గ్రెయిన్ ఎక్కువగా ఉండేది సాధారణంగా అక్కడే. ఫంక్షన్ హాల్లోని పసుపు లైట్లలో నీలం కాంతి తక్కువ. తెలుపును తెలుపుగా చూపించడానికి కెమెరా నీలాన్ని ఎక్కువగా పెంచుతుంది, దాంతోపాటే నీలంలోని నాయిసూ పెరుగుతుంది. మూడు రంగులూ కలిసి ఉన్నప్పుడు దాగిన అతుకు నీలంలో బయటపడుతుంది. సినిమా విజువల్ ఎఫెక్ట్స్ చేసేవాళ్లు ఒక్కో షాటును ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా పెట్టి పరిశీలించడం అందుకే అలవాటు చేసుకున్నారు. రెండో సాయం, అన్నిటికన్నా పైన ఒక Curves లేయర్ వేసి కాంట్రాస్టును బాగా పెంచడం. ఫొటో వికారంగా తయారవుతుంది, కానీ అతుకు హద్దులు మాత్రం పటం గీసినట్టు తేలతాయి. పరీక్ష అయ్యాక ఆ లేయర్‌ను ఆపేస్తే సరి.

మూడో సాయం అంకెలు. Histogram ప్యానెల్‌ను విస్తరించి చూస్తే Mean, Std Dev అని రెండు విలువలు కనిపిస్తాయి. మొదటిది ఎంచుకున్న చోట సగటు వెలుగు. రెండోది ఆ సగటు చుట్టూ పిక్సెళ్లు ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నాయో చెప్పే కొలత. మడతలు, నీడలు లేని చోట అరవై పిక్సెళ్ల చదరం ఒకటి ఎంచుకుంటే, ఈ రెండో విలువే గ్రెయిన్ బలం. చదరం పెద్దదైతే తెర మీద వెలుగు మారడం కూడా లెక్కలో కలిసిపోయి, గ్రెయిన్ లేనిచోట ఉన్నట్టు చూపిస్తుంది. ప్యానెల్ మూలన చిన్న హెచ్చరిక గుర్తు కనిపిస్తే దాన్ని నొక్కి లెక్కను తాజా చేసుకోవాలి. లేకపోతే ప్యానెల్లో కనిపించేవి కుదించిన బొమ్మ తాలూకు అంకెలు.

మన ఫొటోలో ఫ్యాను పక్కన అసలు తెర మీద సగటు 62, ఎగుడుదిగుడు 5 వచ్చాయనుకుందాం. అతుకులో సగటు 61, ఎగుడుదిగుడు 1.4. సగటు కలిసింది కాబట్టే దూరంనుంచి చూస్తే తెలియలేదు. ఇప్పుడు లోటు ఎంత? 5లోంచి 1.4 తీసేసి 3.6 అనడం పొరపాటు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు నాయిస్‌లు కలిసినప్పుడు కూడేది వాటి వర్గాలను. 5 వర్గం 25, 1.4 వర్గం 1.96, తేడా 23.04. దాని వర్గమూలం 4.8. అంటే అతుకు మీద దాదాపు పూర్తి గ్రెయినే వేయాలి. అందులో ఉన్న కాస్తా లెక్కలోకి రానంత తక్కువ.

అంకె దొరికింది కదా అని వెంటనే నాయిస్ వేయకూడదు. ముందు పదును సరిపోవాలి. ఈ క్రమం తప్పితే చేసిందంతా వృథా అవుతుంది, ఎందుకంటే గ్రెయిన్ వేశాక అతుకును బ్లర్ చేస్తే గ్రెయిన్ కూడా కరిగిపోతుంది, షార్ప్ చేస్తే రేణువులు ముళ్లలా లేస్తాయి. పదును చూడటానికి అంచులు కావాలి. అతుకులోని ఒక మడత అంచును, అంతే దూరంలో ఉన్న అసలు మడత అంచుతో పోల్చాలి. వెలుగునుంచి నీడలోకి మారడానికి అసలు అంచు ఎనిమిది పిక్సెళ్లు తీసుకుంటే, అతుకులో కూడా అంతే పట్టాలి. అతుకు నున్నగా ఉంటుంది కాబట్టి మసకగానే ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఒక్కోసారి దానికి తలకిందులుగా ఉంటుంది. గ్రెయిన్ లేకపోయినా మడత మాత్రం ఫోకస్‌లో ఉన్నంత తేటగా వచ్చేస్తుంది. మసకబారిన నేపథ్యంలో ఒక్క మడత కత్తిరించినట్టు నిలబడితే అది ఎంత గ్రెయిన్ వేసినా కలవదు. అప్పుడు అతుకును ఒకటి రెండు పిక్సెళ్ల Gaussian Blur తో మెత్తబరచాలి. ఫోనులో తీసిన ఫొటోల్లో ఇంకో తేడా ఉంటుంది. ఫోను తనంతట తాను షార్ప్ చేయడంతో ముదురు అంచుల పక్కన సన్నటి తెల్లగీత పడుతుంది. అతుకులో ఆ గీత ఉండదు. దాన్ని తేవాలంటే అతుకు మీద మాత్రమే కొద్దిగా షార్ప్ చేయాలి, అదీ గ్రెయిన్ వేయకముందే.

ఇప్పుడు గ్రెయిన్. అతుకు మీద కొత్త లేయర్ ఒకటి వేసి, యాభై శాతం బూడిద రంగుతో నింపి, అతుకుకు మాత్రమే వర్తించేలా క్లిప్ చేసుకోవాలి. దాని మీద Add Noise, అందులో Gaussian, Monochromatic. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. అందుకే వాళ్ల అతుకు నున్నగా ఉండటం మానేసి, ఇప్పుడు చక్కెర చల్లినట్టు కనిపిస్తుంది. కారణం రేణువు సైజు. Add Noise ఒక్కో పిక్సెల్‌కు ఒక్కో రేణువు వేస్తుంది, పక్క పిక్సెల్‌తో దానికి సంబంధం ఉండదు. కెమెరా గ్రెయిన్ అలా ఉండదు. సెన్సర్ మీద ప్రతి పిక్సెల్ ఒక్క రంగునే చూస్తుంది, ఎరుపో ఆకుపచ్చో నీలమో. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ 1970లలో రూపొందించిన ఈ అమరికనే నేటికీ చాలా కెమెరాలు వాడుతున్నాయి. మిగతా రెండు రంగుల్ని చుట్టుపక్కల పిక్సెళ్ల నుంచి లెక్కగట్టి నింపుతారు. అలా నింపినప్పుడు ఒక పిక్సెల్‌లోని తప్పు పక్కవాటిలోకి పాకుతుంది. ఆ మీదట కెమెరా చేసే నాయిస్ తగ్గింపు, జేపెగ్ కుదింపు దాన్ని ఇంకా ముద్దగా చేస్తాయి. అందుకే అసలు గ్రెయిన్ రెండు మూడు పిక్సెళ్ల బొట్లుగా ఉంటుంది.

ఆ సైజు తేవడానికి బూడిద లేయర్ మీద వేసిన నాయిస్‌ను చాలా కొద్దిగా, 0.6 పిక్సెల్ మేర, బ్లర్ చేస్తారు. బ్లర్ చేస్తే బలం తగ్గుతుంది, 0.6 దగ్గర దాదాపు సగానికి పడిపోతుంది. ఇక లేయర్‌ను Linear Light పద్ధతిలో కలిపితే, బూడిదకు అటూ ఇటూ ఉన్న తేడా రెండింతలై కింది బొమ్మకు చేరుతుంది. అంటే మనకు కావలసిన 4.8 కోసం బ్లర్‌కు ముందు బూడిద లేయర్‌లో ఎగుడుదిగుడు 4.8 దగ్గర ఉంటే, బ్లర్ తర్వాత 2.4 అవుతుంది, కలిసేటప్పుడు మళ్లీ 4.8 అవుతుంది. Add Noise స్లయిడర్ మీది శాతం ఎంతన్నది పట్టించుకోనక్కరలేదు. Histogram చూస్తూ స్లయిడర్ జరుపుకోవచ్చు.

సైజు సరిపోయిందా లేదా అన్నదానికీ అంకెలతోనే పరీక్ష ఉంది. ఫొటోకు ఒక కాపీ తీసి, పొడవు వెడల్పులు రెండూ సగానికి తగ్గించాలి. గ్రెయిన్ పిక్సెల్‌కొకటి చొప్పున ఉంటే, నాలుగు పిక్సెళ్లు కలిసి ఒకటయ్యేసరికి ఎగుడుదిగుడు సగమవుతుంది, 5 ఉన్నది 2.5కు వస్తుంది. రేణువులు బొట్లుగా ఉంటే అంత తగ్గదు, 3.5 దగ్గరో 4 దగ్గరో ఆగుతుంది. అసలు తెర 5 నుంచి 3.7కు తగ్గి, అతుకు 5 నుంచి 2.8కు తగ్గిందంటే బలం సమానమైనా రేణువు చిన్నదని అర్థం. బ్లర్ కాస్త పెంచి, బలం మళ్లీ సరిచేసుకోవాలి. కంటికి ఏదో తేడాగా అనిపించి, ఎక్కడుందో చెప్పలేకపోయిన సందర్భాల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి.

రంగు నాయిస్ సంగతి వేరు. పెద్ద ఐఎస్‌ఓలో తీసిన తెర మీద ఎర్రటి, నీలిరంగు మరకలు లీలగా కనిపిస్తాయి. అవి వెలుగు రేణువులకన్నా పెద్దవి, మెత్తనివి. Monochromatic గుర్తు తీసేస్తే వచ్చే రంగు నాయిస్ సన్నగా, మిరుమిట్లు గొలిపేలా ఉంటుంది, దానికీ దీనికీ పొత్తు కుదరదు. ఆ మరకల కోసం రెండో బూడిద లేయర్ వేసి, రంగు నాయిస్ పెట్టి, రెండు మూడు పిక్సెళ్లు బ్లర్ చేసి, చాలా పలచగా కలపాలి. కుదిరిందో లేదో నీలం చానెలే చెబుతుంది.

గ్రెయిన్‌కు చాలామంది Overlay వాడతారు. దాని స్వభావం తెలిసి వాడితే తప్పులేదు. Overlay పద్ధతిలో గ్రెయిన్ నడిమి వెలుగులో బలంగా ఉండి, నలుపు వైపూ తెలుపు వైపూ వెళ్లేకొద్దీ అణిగిపోతుంది. నలుపు తెలుపు ఫిలిం మీద తీసిన పాత స్టూడియో ఫొటోల స్కానింగుకు ఆ తీరు దగ్గరగా ఉంటుంది, అక్కడ గ్రెయిన్ బూడిద రంగుల్లోనే ఎక్కువగా తెలుస్తుంది. డిజిటల్ ఫొటోలో లెక్క వేరు. సెన్సర్ లెక్కను కంటికి సరిపోయేలా మార్చేటప్పుడు నీడల్ని పైకి లేపుతారు, వాటితోపాటు నాయిస్ కూడా లేస్తుంది. మన తెర సగటు 62, అంటే నీడల్లోనే ఉంది. అక్కడ Overlay వేస్తే గ్రెయిన్ సగానికి సగం అణిగిపోతుంది. డిజైనర్ లోటు చూసి బలం పెంచుతాడు, అప్పుడు తెర సరిపోయినా, అదే అతుకులో పైభాగాన వచ్చిన పూలదండ మీద గ్రెయిన్ ఎగసిపడుతుంది. Linear Light అన్ని వెలుగుల్లోనూ ఒకేలా కలుపుతుంది. పూలదండలాంటి వెలుగు చోట్ల మాత్రం, లేయర్ సెట్టింగుల్లోని Blend If స్లయిడర్‌ను వెనక్కి లాగి, అక్కడ కొలిచిన అంకెకు సరిపోయేలా తగ్గించుకోవాలి. నీడలో ఒకసారి, వెలుగులో ఒకసారి కొలిచి చూస్తే ఎక్కడ ఎంత కావాలో ఊహించనక్కర్లేదు.

ఇంత గ్రెయిన్ పుట్టించడం కన్నా ఆ ఫొటోలోని గ్రెయిన్‌నే తీసి వాడుకోలేమా? వాడుకోవచ్చు, అన్నిటికన్నా బాగా కుదిరేది అదే. అసలు ఫొటో కాపీ ఒకటి తీసి దానిలోని నాయిస్‌ను బాగా తగ్గించాలి. తర్వాత అసలు ఫొటోలోంచి ఈ నున్నటి కాపీని తీసేస్తే మిగిలేది గ్రెయిన్ ఒక్కటే. ఎనిమిది బిట్ల ఫైలులో Apply Image తెరిచి, Subtract ఎంచుకుని, Scale దగ్గర 2, Offset దగ్గర 128 ఇస్తే, బూడిద రంగు మీద ఆ ఫొటో సొంత గ్రెయిన్ తేలుతుంది. సైజు, రంగు, ముద్దకట్టే తీరు అన్నీ దానివే. అందులోంచి ఖాళీ తెర మీది ముక్క ఒకటి కోసి, అతుకు మీద పరిచి, Linear Light లో కలిపితే పని చాలావరకు పూర్తయినట్టే. న్యూక్ సాఫ్ట్‌వేర్‌తో సినిమా షాట్లకు గ్రెయిన్ తిరిగి ఎక్కించేవాళ్లు నమ్ముకున్న సూత్రం ఇదే: అసలు షాటులోంచి నున్నటి రూపాన్ని తీసేయగా మిగిలినదాన్నే కొత్త భాగానికి వేస్తారు.

ఇందులో రెండు ఇబ్బందులున్నాయి. నాయిస్ తగ్గించేటప్పుడు మడత అంచులు కూడా కాస్త అరిగిపోతాయి, ఆ అరుగు గ్రెయిన్‌లో మిగిలిపోతుంది. అలాంటి ముక్క పరిస్తే అతుకు మీద లేని మడత దయ్యంలా కనిపిస్తుంది. కాబట్టి ముక్క పూర్తిగా సాదాగా ఉన్న చోటునుంచే కోయాలి. రెండోది, చిన్న ముక్కను పక్కపక్కన పరుస్తూ పోతే అది నేల మీద టైల్స్ వరసలా కనబడుతుంది. వీలైనంత పెద్ద ముక్క తీసుకోవాలి. చాలకపోతే రెండు వేర్వేరు చోట్లనుంచి తేవాలి.

అంతా సరిపోయాక కూడా అతుకు చుట్టూ సన్నటి నునుపు వలయం మిగిలే సందర్భం ఒకటుంది. మంచి పనివాళ్లు కూడా దాన్ని చూసి తికమకపడతారు. అంచు తెలియకూడదని మాస్క్‌ను ఇరవై పిక్సెళ్లు మెత్తబరుస్తారు. ఆ ఇరవై పిక్సెళ్లలో అసలు తెర సగం, అతుకు సగం కలుస్తాయి. రంగు విషయంలో అది మంచిదే, రెండిటి రంగూ ఒకటే కాబట్టి. గ్రెయిన్ విషయంలో అది నష్టం. సంబంధం లేని రెండు గ్రెయిన్‌లను సగం సగం కలిపితే ఎత్తుపల్లాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, బలం 5 నుంచి 3.5కు పడిపోతుంది. లోపల 5, బయట 5, మధ్య వలయంలో 3.5. దీనికి రెండు దారులు. ఒకటి, మాస్క్ అంచును ఒకటి రెండు పిక్సెళ్లకు తగ్గించి, దాన్ని మడతల గీతల వెంట నడిపించడం. రెండోది, ఆ వలయానికి మాత్రమే సన్నటి మాస్క్‌తో ఇంకో గ్రెయిన్ లేయర్ వేసి లోటు పూడ్చడం. మొదటిది కుదిరితే రెండోదాని జోలికి పోనక్కర్లేదు.

నాయిస్ తగ్గింపు వాడే అలవాటున్నవాళ్లు దాన్ని అన్నిటికన్నా ముందు, రా ఫైలు మీదే చేసేయడం మేలు. అతుకు వేసి, గ్రెయిన్ కలిపాక మొత్తం ఫొటో మీద నాయిస్ తగ్గిస్తే, అసలు గ్రెయిన్ ఒకలా తగ్గి, పుట్టించిన గ్రెయిన్ ఇంకోలా తగ్గుతుంది. అప్పటిదాకా కలిసి ఉన్నవి మళ్లీ విడిపోతాయి.

ఇంత శ్రమ ఎక్కడ అవసరమో కూడా తెలియాలి. ఆ ఫొటోను 1500 పిక్సెళ్లకు కుదించి వాట్సాప్‌లో పంపితే, పదహారు పిక్సెళ్లు కలిసి ఒకటవుతాయి. అసలు తెర మీది గ్రెయిన్ కూడా బాగా అణిగిపోతుంది, ఆపైన వాట్సాప్ కుదింపు మిగిలినదాన్ని తుడిచేస్తుంది. అతుకు ఎవరికీ కనపడదు. అదే ఫొటో పన్నెండు, ముప్పయ్యారు అంగుళాల కరిజ్మా ఆల్బమ్ షీటులో సగం ఆక్రమిస్తే, 6000 పిక్సెళ్లు పద్దెనిమిది అంగుళాల్లో పరుచుకుంటాయి, అంగుళానికి 333. ఒక్కో రేణువు కంటికి కనపడదు. కానీ గరుకు ఉన్న తెర మధ్య గరుకు లేని ఫ్యాను ఆకారం, లామినేషన్ మీద లైటు పడినప్పుడు, నూనె మరకలా తెలుస్తుంది. అందుకే మొత్తం ఆల్బమ్ ప్రింటుకు పంపేముందు అతుకున్న భాగాన్ని ఒక్కదాన్నే అసలు సైజులో, అదే కాగితం మీద తీయించి చూడటం మంచిది. స్క్రీను మీద 200 శాతంలో కలిసిపోయినట్టు కనపడేది కాగితం మీద విడిపోవచ్చు. స్క్రీను మీద కలవరపెట్టిన తేడా కాగితం మీద మాయం కావచ్చు కూడా.

ఇంత బాగా కలిపిన అతుకు కంటిని దాటిపోతుంది, పరికరాలను మాత్రం దాటలేదు. ప్రతి సెన్సర్‌లోనూ పిక్సెళ్లన్నీ అచ్చంగా ఒకేలా స్పందించవు. తయారీలోనే వచ్చిన ఆ అతిచిన్న తేడాలు ఆ కెమెరా తీసిన ప్రతి ఫొటోలోనూ, అదే చోట, ముద్ర వేసినట్టు ఉంటాయి. యాన్ లుకాష్, జెస్సికా ఫ్రిడ్రిచ్, మిరోస్లావ్ గోల్యాన్ 2006లో ప్రచురించిన పరిశోధనలో, ఆ ముద్రను బట్టి ఒక ఫొటోను ఏ కెమెరా తీసిందో గుర్తించే పద్ధతి చూపించారు. ఒక కెమెరా తీసిన ఫొటోలు కొన్ని పదులు చేతిలో ఉంటే దాని ముద్రను లెక్కగట్టవచ్చు. మన తెర మీద ముద్ర ఉంటుంది. ఫ్యాను తీసిన చోట ఉండదు. బలం, సైజు, రంగు అన్నీ కలిపినా, పక్కనుంచి కోసి తెచ్చిన సొంత గ్రెయిన్ వేసినా ఉండదు, ఎందుకంటే ఆ గ్రెయిన్‌లోని ముద్ర వేరే పిక్సెళ్లది.

కాబట్టి ఈ విద్య తెలిసిన డిజైనర్ దాన్ని ఎక్కడ వాడాలో కూడా తేల్చుకోవాలి. రిసెప్షన్ ఫొటోలో ఫ్యాను తీయమని అడిగింది పెళ్లివారు, ఆ ఫొటో ఉండేది వాళ్ల ఆల్బమ్‌లో. అక్కడ గ్రెయిన్ కలపడం పనితనం. పత్రికకు వెళ్లే వార్తా ఫొటోలో అదే పని చేస్తే, చూసేవాడు సందేహించడానికి మిగిలిన చివరి ఆనవాలును కూడా చెరిపినట్టవుతుంది. అలాంటి ఫొటోలో అతుకుకే చోటు లేదు. Generative Fill వాడిన ఫైలుకు Content Credentials పేరుతో ఆ సంగతి జతచేసే ఏర్పాటు ఫొటోషాప్‌లోనే ఉంది. కానీ స్క్రీన్‌షాట్ తీసినా, చాలా మెసేజింగ్ యాప్‌ల గుండా వెళ్లినా ఆ వివరం ఊడిపోతుంది. అందుకే డిజైనర్ దగ్గర ఉండాల్సినవి రెండు ఫైళ్లు: అతుకు, గ్రెయిన్, మాస్క్ దేనికది విడి లేయర్లుగా ఉన్న పని ఫైలు ఒకటి, ఫ్యానుతో సహా కెమెరా ఇచ్చిన రా ఫైలు ఇంకొకటి. ఆల్బమ్ అప్పగించే రోజున పెళ్లివారికి రెండోదాన్ని కూడా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వడం సరైన పద్ధతి.